స్లాబు గీత మీద నిలబడ్డ రూపాయి

నెల జీతం సరిగ్గా 20,000 రూపాయలు. ఆంధ్రప్రదేశ్‌లోనైనా తెలంగాణలోనైనా ఆ ఉద్యోగి కట్టాల్సిన వృత్తి పన్ను 150 రూపాయలే. కానీ ఆఫీసులో ఎవరో ఎక్సెల్‌లో వేసిపెట్టిన ఫార్ములా 200 చూపిస్తుంది. 19,999 పెడితే 150 వస్తుంది, 20,001 పెడితే 200 వస్తుంది. రెండూ సరైనవే. తప్పంతా ఆ ఒక్క అంకె దగ్గరే. స్లాబుల లెక్కల్లో పొరపాట్లు ఎక్కువగా దాక్కునేది ఇలాంటి హద్దుల దగ్గరే.

స్లాబు పన్నుల్లో రెండు జాతులున్నాయి. ఆదాయపు పన్నులో ఆదాయం ముక్కలవుతుంది, ఏ ముక్కకు ఆ ముక్క రేటే పడుతుంది. వృత్తి పన్నులో ముక్కలుండవు. జీతం ఏ స్లాబులో పడితే ఆ స్లాబుకు రాసిన మొత్తం కట్టాలి. పైకి రెండు పట్టికలూ ఒకేలా కనిపిస్తాయి కాబట్టి చాలామంది రెండింటికీ ఒకే ఫార్ములా వాడేస్తారు.

ముందుగా ఆదాయపు పన్ను చూద్దాం. 2025-26 ఆర్థిక సంవత్సరానికి కొత్త విధానంలో 4 లక్షల వరకు పన్ను లేదు. అక్కడి నుంచి ప్రతి 4 లక్షలకూ రేటు 5 శాతం చొప్పున పెరుగుతూ, 24 లక్షలు దాటాక 30 శాతానికి చేరుతుంది. ఇదంతా ఒకదానిలో ఒకటి దూర్చిన IFలతో రాస్తే ఫార్ములా బారెడవుతుంది. వచ్చే ఏడాది స్లాబు మారితే ఎక్కడ దిద్దాలో రాసినవాళ్లకే తెలియదు. అందుకని స్లాబులను షీటులోనే చిన్న పట్టికగా రాసుకోవాలి. A వరుసలో స్లాబు మొదలయ్యే అంకె, B వరుసలో రేటు, C వరుసలో ఆ అంకె దాకా అప్పటికే పడిన పన్ను.

```
     A        B      C
2    0        0%     0
3    400000   5%     0
4    800000   10%    20000
5    1200000  15%    60000
6    1600000  20%    120000
7    2000000  25%    200000
8    2400000  30%    300000
```

C వరుసను చేత్తో నింపకూడదు. C2లో సున్నా పెట్టి, C3లో ఈ ఫార్ములా రాసి కిందికి లాగితే చాలు.

```
=C2+(A3-A2)*B2
```

ఇక పన్ను లెక్క. పన్ను వేయాల్సిన ఆదాయం E2లో ఉందనుకుంటే, F2లో ఇలా రాయాలి.

```
=VLOOKUP(E2,$A$2:$C$8,3,TRUE)
 +(E2-VLOOKUP(E2,$A$2:$C$8,1,TRUE))
 *VLOOKUP(E2,$A$2:$C$8,2,TRUE)
```

చివర ఉన్న TRUE ముఖ్యం. సరిగ్గా అదే అంకె దొరక్కపోతే దానికంటే చిన్నవాటిలో అన్నిటికన్నా పెద్దదాన్ని తీసుకోమని అది చెబుతుంది. ఉదాహరణకు ఒక ఉద్యోగి జీతం ఏడాదికి 15,35,000. స్టాండర్డ్ డిడక్షన్ 75,000 తీసేస్తే 14,60,000 మిగులుతుంది. ఫార్ములా 12 లక్షల వరుస దగ్గర ఆగుతుంది. అక్కడిదాకా పడిన పన్ను 60,000. పైన మిగిలిన 2,60,000 మీద 15 శాతం అంటే 39,000. మొత్తం 99,000. దీనిమీద 4 శాతం సెస్సు 3,960 కలిపితే 1,02,960.

C వరుస అక్కర్లేదనుకుని ఆదాయం మొత్తాన్నీ రేటుతో గుణిస్తే ఇదే ఉద్యోగికి 2,19,000 వస్తుంది. ఈ తప్పును పట్టుకోవడానికి సులువైన పరీక్ష ఉంది. ప్రతి హద్దుకూ పది రూపాయలు తక్కువ, సరిగ్గా హద్దు, పది రూపాయలు ఎక్కువ పెట్టి చూడాలి. 7,99,990కి పన్ను 19,999.50, 8,00,000కి 20,000, 8,00,010కి 20,001 వస్తే ఫార్ములా బాగున్నట్టే. తప్పు ఫార్ములాలో 7,99,990కి దాదాపు 40,000 ఉన్న పన్ను 8,00,000 దగ్గర ఒక్కసారిగా 80,000కు ఎగురుతుంది. ముక్కల పన్నులో హద్దు దగ్గర గెంతు రాకూడదు. హద్దు అంకెను కింది స్లాబులో వేసినా పై స్లాబులో వేసినా జవాబు ఒకటే కాబట్టి, ఇక్కడ హద్దు ఎవరిదన్న గొడవే లేదు.

అయితే 12 లక్షల దగ్గర ఇంకో మెలిక ఉంది. భారత్‌లో నివాసి అయిన వ్యక్తికి అక్కడిదాకా రిబేటు వల్ల పన్ను సున్నా. 12,10,000 ఆదాయానికి పట్టిక 61,500 చూపిస్తుంది. పదివేలు ఎక్కువ సంపాదించినందుకు అరవై వేలకు పైగా కట్టాల్సి రావడం న్యాయం కాదు కాబట్టి, 12 లక్షలు దాటిన మొత్తం కంటే పన్ను ఎక్కువ కాకూడదని చట్టం ఊరట ఇచ్చింది. ఇక్కడ కట్టాల్సింది 10,000, దానిపై సెస్సు. రిబేటు, ఊరట రెండూ ఈ చిన్న ఫార్ములాలో ఇమిడిపోతాయి.

```
=MIN(F2,MAX(0,E2-1200000))
```

ఆదాయం సుమారు 12,70,588 దాటాక ఈ ఊరట దానంతటదే ఆగిపోయి, పట్టిక లెక్కే నిలుస్తుంది. షేర్ల లాభాల్లాంటి ప్రత్యేక రేట్ల ఆదాయానికి, సర్‌ఛార్జి పడే 50 లక్షల పైబడిన ఆదాయానికి మాత్రం ఈ షీటు చాలదు.

ఇప్పుడు వృత్తి పన్నుకు వద్దాం. 15,000 వరకు ఏమీ లేదు, ఆపైన 20,000 వరకు 150, 20,000 దాటితే 200. ఇక్కడ హద్దు అంకె కింది స్లాబుదే. TRUEతో వెతికే VLOOKUP మాత్రం దాన్ని పై స్లాబులోకి నెట్టేస్తుంది. మొదట్లో చూసిన 200 అలా వచ్చిందే. పట్టికలో 20,000 బదులు 20,001 అని రాస్తే చాలనిపిస్తుంది. కానీ హాజరును బట్టి కోసిన జీతం 20,000.50 వస్తే అది మళ్లీ 150 దగ్గరే ఆగిపోతుంది. అందుకే స్లాబు మొదలయ్యే అంకెకు బదులు ముగిసే అంకెను రాసుకోవాలి. H2:H4లో 15000, 20000, ఎవరి జీతమూ అందుకోలేని 99999999. I2:I4లో 0, 150, 200. జీతం K2లో ఉంటే:

```
=XLOOKUP(K2,$H$2:$H$4,$I$2:$I$4,,1)
```

చివరి 1 అంటే, సరిగ్గా అదే అంకె లేకపోతే దానికంటే పెద్దవాటిలో అన్నిటికన్నా చిన్నదాన్ని తీసుకోమని. 20,000కి 150, 20,000.50కి 200 వస్తాయి. ఎక్సెల్ 2019, అంతకంటే పాతవాటిలో XLOOKUP లేదు. ఉన్నవి మూడే స్లాబులు కాబట్టి అక్కడ `<=` గుర్తుతో రెండు IFలు చాలు.

ఫార్ములా సరిగ్గా ఉన్నా షీటు మోసం చేసే సందర్భాలు కొన్ని ఉన్నాయి. డాలర్ గుర్తులు మరిచిపోయి ఫార్ములాను కిందికి లాగితే పట్టిక కూడా ఒక్కో గడి జారుతుంది. పెద్ద ఆదాయాలవాళ్లకు లెక్క సరిగ్గానే వస్తూ, చిన్న ఆదాయాలవాళ్ల దగ్గర `#N/A` కనబడుతుంది. అలా కొందరికే వస్తే ముందు చూడాల్సింది డాలర్ గుర్తులనే. అందరికీ రాకుండా ఒకరిద్దరికే, అదీ ఎక్కువ జీతాలవాళ్లకు కూడా `#N/A` వస్తే వేరే చోటి నుంచి తెచ్చి అతికించిన అంకె అక్షరాలుగా కూర్చుని ఉండొచ్చు. `=ISNUMBER(E2)` అది తేల్చేస్తుంది. VLOOKUP పట్టికలో వరుసలు చిన్న నుంచి పెద్దకు లేకపోతే మాత్రం ఏ హెచ్చరికా రాదు, తప్పు జవాబు ఒప్పులా కనిపిస్తుంది. కాబట్టి స్లాబులు మార్చిన ప్రతిసారీ, జీతాల వరుస మీదికి వెళ్లేముందు, హద్దుకు అటూ ఇటూ ఉన్న అంకెలను మళ్లీ పెట్టి చూడాలి. ఆదాయపు పన్ను జవాబులు మెల్లగా జరగాలి. వృత్తి పన్ను మాత్రం గెంతాలి, అదీ హద్దు దాటాకే.