ఫైనల్ ఓడిన సాయంత్రం పీఈటీ మేడమ్ ఏం మాట్లాడాలి

కబడ్డీలో మొదటి సగం అయ్యాక కోచ్‌కు ఐదు నిమిషాలు దొరుకుతాయి. ఆ ఐదు నిమిషాల్లో కాస్త గట్టిగా అరిచినా పని జరుగుతుంది. అమెరికాలో బ్యారీ స్టా అనే పరిశోధకుడూ ఆయన సహచరులూ 23 హైస్కూలు, కాలేజీ బాస్కెట్‌బాల్ జట్ల వెంట ఉండి, విరామంలో కోచ్‌లు చెప్పిన మూడొందలకు పైగా మాటలను రికార్డు చేశారు. వాటిని రెండో సగం స్కోర్లతో పోల్చి, 2019లో ఫలితాలు ప్రచురించారు. కోచ్ అసంతృప్తి కొంత చూపించినప్పుడు పిల్లలు మెరుగ్గా ఆడారు. ఆ కోపం ఒక హద్దు దాటినప్పుడు ఆట తగ్గిపోయింది.

ఫైనల్ అయిపోయాక ఆ కోపానికి ఏ పనీ ఉండదు. దిద్దుకోవడానికి రెండో సగం లేదు. అయినా మన బడుల్లో చిత్తుగా ఓడిన జట్టు ముందు నిలబడిన కోచ్ చాలాసార్లు విరామంలో మాట్లాడినట్టే మాట్లాడతాడు. ఎక్కడ తప్పు జరిగింది, ఎవరు పట్టు వదిలేశారు, ఎవరు తొందరపడ్డారు అంటూ మొదలుపెడతాడు. ఒక్కటీ అబద్ధం కాకపోవచ్చు. కానీ ఆ గంటలో అవన్నీ పిల్లల మీద పడే బరువే తప్ప, వాళ్ళు వాడుకోగలిగిన మాటలు కావు.

ఇలాంటి మ్యాచ్ ఒకటి ఊహించుకుందాం. జిల్లా పరిషత్ హైస్కూలు అమ్మాయిల జట్టు, అండర్-17, మండల స్థాయి ఫైనల్. సగానికి 15 నిమిషాల చొప్పున ఆట. చివరికి స్కోరు 46-18. చూసినవాళ్ళకు అది మొదటి నుంచీ ఒకవైపే సాగిన ఆట. స్కోరుషీటు తెరిస్తే మాత్రం వేరే కథ ఉంది. మొదటి 12 నిమిషాలూ 11-9, దాదాపు సమానం. అప్పుడు ఈ జట్టు మెయిన్ రైడర్ అవతలి కోర్టులో దొరికిపోయింది. తమ జట్టు పాయింటు తెస్తే తప్ప ఆమె తిరిగి రాలేదు. కూతకు వెళ్ళడానికి అలవాటు లేని పిల్లలు మిగిలారు. వాళ్ళు ఒక్కొక్కరే అవుటయ్యారు. కోర్టులో మనుషులు తగ్గినకొద్దీ, ఎదుటి రైడర్‌ను చైన్ కట్టి పట్టడం కుదరక, ఒక్కొక్కరు ఒంటరిగా పట్టుకు దూకారు. విరామానికి ముందే మొత్తం జట్టు ఖాళీ అయింది, లోనా పడింది, దానికి రెండు పాయింట్లు అదనం. ఆ మూడు నిమిషాల్లో 10-1.

రెండో సగంలో ఇదే ఇంకో రెండుసార్లు జరిగింది. ఒకసారి మూడు నిమిషాలు, 9-1. ఇంకోసారి నాలుగు నిమిషాలు, 11-0. మూడు లోనాల దగ్గర గడిచిన ఆ పది నిమిషాలు పక్కన పెడితే, మిగిలిన ఇరవై నిమిషాల ఆట 16-16. కబడ్డీలో పెద్ద ఓటములు చాలావరకు ఇలాగే తయారవుతాయి. ఒక మనిషి పోతే ఇంకో మనిషి పోయే అవకాశం పెరిగే ఆట ఇది. స్కోరు తేడా ఎంత పెద్దదో, ఆటలో తేడా అంత పెద్దది కాకపోవచ్చు.

ఈ లెక్క మేడమ్‌కు తెలుసు. పిల్లలకు తెలియదు. ఆ క్షణంలో వాళ్ళ తలలో ఉన్నది 46-18 అనే అంకె, గట్టు మీద నుంచి వినిపించిన ఈలలు, తమ రైడర్ మూడోసారి దొరికిపోయినప్పుడు కలిగిన చిరాకు. రైడర్ తలలో అయితే ఇంకొకటి ఉంది: అంతా నా వల్లే. జట్టు వంక చూస్తేనే ఇది తెలిసిపోతుంది. ఎవరూ ఆమె పక్కన కూర్చోరు. ఆమె నీకాప్ విప్పుతూ తల ఎత్తదు. కోచ్ మాట్లాడాల్సింది ముందుగా ఈ దూరం గురించే.

ఎప్పుడు మాట్లాడాలన్నది కూడా చిన్న విషయం కాదు. చివరి విజిల్ పడగానే కాదు. ముందు ఎదుటి జట్టుతో చేతులు కలపాలి, నీళ్ళు తాగాలి, దెబ్బలు తగిలినవాళ్ళకు చూడాలి, బహుమతుల దగ్గర నిలబడి రన్నరప్ కప్పు తీసుకోవాలి. అదంతా అయ్యాక, ఆటో ఎక్కే ముందు, జనానికి కాస్త దూరంగా ఒక చెట్టు కింద. హెడ్మాస్టరు గారూ ఊరి పెద్దలూ తలా రెండు మాటలు చెబుతామని వస్తే, సోమవారం ప్రేయర్‌లో చెప్పమని మర్యాదగా అడగడం మేలు. నలుగురు పెద్దవాళ్ళు నాలుగు రకాలుగా ఓదారిస్తే పిల్లల చెవికి ఒక్కటీ ఎక్కదు.

మేడమ్ మాటలు ఇలా ఉండొచ్చు.

“కూర్చోండమ్మా, అందరూ దగ్గరికి రండి. ఏడుపొస్తే ఏడవండి, నేనేం అనను. ఇవాళ వాళ్ళు మనకంటే బాగా ఆడారు, గెలిచారు. రిఫరీ గురించి ఎవరూ ఒక్క మాట కూడా అనొద్దు. మన రైడర్ దొరికిపోయాక ఏం చేయాలో మీకు నేర్పాల్సింది నేను. నేర్పలేదు. మొదటి సగంలో మనకు రెండు టైమవుట్లు ఉన్నాయి, లోనా పడేముందు ఒకటి అడగాల్సింది, అడగలేదు. ఆ రెండూ నావి, మీవి కావు. ఇంకో మాట. స్కోరుషీటు చూశాను. ఈ ముప్పై నిమిషాల్లో ఇరవై నిమిషాలు మీరు వాళ్ళతో సమానంగా ఆడారు. మిగతా పది నిమిషాల సంగతి సోమవారం గ్రౌండులో చూద్దాం, ఇప్పుడొద్దు. పదో తరగతి వాళ్ళు నలుగురూ లేవండి. వీళ్ళకిది బడి తరఫున ఆఖరి మ్యాచ్. రెండేళ్ళ క్రితం మన బడికి అమ్మాయిల జట్టే లేదు. వీళ్ళు వచ్చి అడిగితే మొదలుపెట్టాం. చప్పట్లు కొట్టండి. ఇక పదండి, ఇంటికెళ్ళి అన్నం తినండి. రేపు ఆదివారం, ఎవరూ రావద్దు. సోమవారం సాయంత్రం మామూలు టైముకే.”

రెండు నిమిషాలు కూడా పట్టదు. ఇందులో ఉన్నవాటికంటే లేనివాటిని ముందు చూడాలి. “నా దృష్టిలో గెలిచింది మీరే” అనే మాట లేదు. పదిహేనేళ్ళ పిల్లలకు స్కోరు చదవడం వచ్చు. ఆ మాట విన్న మరుక్షణం మేడమ్ మనల్ని చిన్నపిల్లల్లా చూస్తున్నారనుకుంటారు, తర్వాత ఆమె చెప్పే నిజాలను కూడా అదే లెక్కలో వేస్తారు. “పోనీలే, ఆటే కదా” అనీ లేదు. రోజూ తెల్లవారుజామున లేచి వచ్చిన పిల్లలకు అది ఓదార్పుగా వినిపించదు, తాము పడ్డ కష్టాన్ని చిన్నచేసినట్టు వినిపిస్తుంది. రైడర్ పేరెత్తి “ఆమె తప్పేం లేదు” అనడం కూడా లేదు. అందరి ముందూ అలా అంటే తప్పు ఆమెదేనన్న ఆలోచన రానివాళ్ళకు కూడా వస్తుంది. టైమవుట్ గురించి మేడమ్ చెప్పిన వాక్యం ఆ పని ఇంకా శుభ్రంగా చేసింది. నేరం తన మీద వేసుకుని త్యాగం చేయడం కాదది, జరిగిన విషయమే. ప్రతి జట్టుకూ సగానికి రెండు టైమవుట్లు ఉంటాయి, వాటిని అడగడం కోచ్ పని. కోచ్ తన వాటా కచ్చితంగా చెప్పినప్పుడు, మిగిలిన వాటా ఎంతో పిల్లలు తమంతట తామే సరిగ్గా చూసుకోగలుగుతారు.

ఇరవై నిమిషాల లెక్క ఆ సాయంత్రమే ఎందుకు చెప్పాలి, విశ్లేషణ వద్దన్నాం కదా అనిపించవచ్చు. నా ఉద్దేశంలో ఒక్క నిజం చెప్పవచ్చు, అది నిజమైతేనే. ముప్పై నిమిషాలూ ఎదుటి జట్టే ఆధిపత్యం చూపి ఉంటే ఆ వాక్యం తీసేయాలి. “వాళ్ళు బాగా ఆడారు” దగ్గరే ఆగాలి. లేని ఊరట కల్పిస్తే అది సోమవారం దాకా కూడా నిలవదు.

ఇంకో చిక్కు ఉంది. బడి ఆటల పోటీల్లో ఓడిన జట్టు నుంచి కూడా పైస్థాయి జట్టుకు పిల్లలను ఎంపిక చేయవచ్చు. అదే సాయంత్రం ఇద్దరి పేర్లు వస్తే, వాళ్ళు నవ్వాలో ఏడవాలో తెలియక నిలబడతారు. మిగిలినవాళ్ళు ఒకే రోజు రెండుసార్లు ఓడినట్టు అనుకుంటారు. ఆ పేర్లను చెట్టు కింద మాటల్లో కలపకూడదు. ఎంపికైనవాళ్ళకు పక్కకు పిలిచి చెప్పాలి, అభినందించాలి. మిగతావాళ్ళకు కూడా ఆ కబురు ఇతరుల నోట కాక మేడమ్ నోటే తెలియాలి, ఇంటికి బయల్దేరే లోపు.

ఈ మాటలన్నీ సున్నితత్వం కోసమే అనుకునేవాళ్ళున్నారు. వాషింగ్టన్ విశ్వవిద్యాలయంలో రొనాల్డ్ స్మిత్, ఫ్రాంక్ స్మోల్ అనే మనస్తత్వవేత్తలు పిల్లల బేస్‌బాల్ కోచ్‌లతో ఏళ్ళ తరబడి పనిచేశారు. తప్పు జరిగినప్పుడు ఎలా మాట్లాడాలో కొందరు కోచ్‌లకు నేర్పి, నేర్పని కోచ్‌లతో పోల్చారు. గెలుపోటముల్లో తేడా పెద్దగా రాలేదు. తేడా మరుసటి ఏడాది కనిపించింది. వాళ్ళ బృందం 1992లో ప్రచురించిన అధ్యయనంలో, శిక్షణ లేని కోచ్‌ల దగ్గర ఆడిన పిల్లల్లో 26 శాతం తర్వాతి సీజన్‌కు తిరిగి రాలేదు. శిక్షణ పొందినవాళ్ళ దగ్గర రానివాళ్ళు 5 శాతమే. అది అమెరికా సంగతి, మగపిల్లల సంగతి. మన పల్లెల్లో అమ్మాయిల విషయంలో ఆట మానేయడానికి ఇంకో తలుపు కూడా తెరిచే ఉంటుంది. “ఓడిపోయారు కదా, ఇక చాలు, పరీక్షలున్నాయి” అని ఇంట్లో ఒక్కరు అంటే సరిపోతుంది. అందుకే ఆ రాత్రికి మేడమ్ చేయాల్సిన పని ఇంకొకటి మిగిలింది: రైడర్ ఇంటికీ, ఇంట్లో ఒప్పుకోవడం కష్టమైన మరో ఇద్దరి ఇళ్ళకూ ఫోన్. “మీ అమ్మాయి బాగా ఆడిందండీ. సోమవారం సాయంత్రం ఆరున్నరకల్లా ఇంటికి చేరుస్తాను.” ఆడపిల్లల తండ్రికి ఆ రెండో వాక్యమే ముఖ్యం.

సోమవారం గ్రౌండుకు ఎవరు వచ్చారు, ఎవరు రాలేదన్నదే ఆ రెండు నిమిషాల మాటలకు పరీక్ష. రానివాళ్ళ ఇంటికి మంగళవారం వెళ్ళాలి, వారం ఆగితే ఆలస్యం. వచ్చినవాళ్ళకు స్కోరుషీటు చూపించాలి, పేర్లు లేకుండా, మూడు లోనాల చుట్టూ పెన్సిల్‌తో గీసి. పిల్లలే కనిపెడతారు: “మేడమ్, మూడుసార్లూ మెయిన్ రైడర్ బయట ఉన్నప్పుడే పడింది.” ఇక అక్కడి నుంచి అది ఓటమి గురించిన మాట కాదు, ఆట గురించిన మాట.

ఆ సాయంత్రం సాధన ఏడుగురితో మొదలుపెట్టనక్కర్లేదు. కోర్టులో నలుగురినే నిలబెట్టి, మెయిన్ రైడర్‌ను గీత బయట కూర్చోబెట్టి, గడియారంలో మూడు నిమిషాలు పెట్టాలి. గెలవమని కాదు, మూడు నిమిషాలు ఖాళీ కాకుండా ఉండమని చెప్పాలి. ఎప్పుడూ కూతకు వెళ్ళని కవర్ ప్లేయర్లు వెళ్ళాలి, బాక్ లైన్ దాటాలి, ముప్పై సెకన్లలో దాదాపు అంతా వాడుకుని, ఎవరికీ దొరక్కుండా వెనక్కి రావాలి. పాయింటు రాకపోయినా ఫర్వాలేదు. పట్టుకు దిగేటప్పుడు ఇద్దరు కలిసే దిగాలి, ఒంటరిగా దూకితే ఆట ఆపి మళ్ళీ మొదలుపెట్టాలి. మొదటి రోజు ఒకటిన్నర నిమిషం నిలబడినా చాలు. రెండు వారాల్లో మూడు నిమిషాలు నిలబడగలిగితే, అప్పుడు నలుగురిని ముగ్గురు చేయాలి.