మీకు తెలుసా? మందుల బిల్లులో తప్పు కింద దొరకదు, పై వరుసల్లో వెతకాలి

మందుల షాపు బిల్లు చేతికి రాగానే అందరి కళ్లూ అడుగున ఉన్న మొత్తం మీదికి వెళ్తాయి. కూడిక సరిపోతే బిల్లును మడిచి జేబులో పెట్టేస్తాం. కంప్యూటర్ బిల్లులో కూడిక తప్పడం చాలా అరుదు. పై వరుసల్లో ఏ ధర, ఎన్ని మాత్రలు ఎక్కించారో వాటినే అది నిక్కచ్చిగా కూడుతుంది. ఆ వరుసలోనే తేడా ఉంటే డిస్కౌంట్, పన్ను, మొత్తం అన్నీ ఒకదానితో ఒకటి చక్కగా పొసగుతాయి, అయినా బిల్లు తప్పే. అందుకే బిల్లును పక్కన పెట్టుకుని, ముందు చేతిలోని షీట్లను చూడాలి.

ఉదాహరణకు ఒక బిల్లు తీసుకుందాం. బీపీ మాత్రలు 30, గ్యాస్ మాత్రలు విడిగా 6, ఒక దగ్గు సిరప్. బిల్లులో మొదటి వరుస 448 రూపాయలు, రెండోది 94.50, మూడోది 105. కలిపితే 647.50. పది శాతం డిస్కౌంట్ 64.75 పోగా 582.75. పైసలు సర్ది 583 కట్టమన్నారు. కూడిక, తీసివేత రెండూ సరిగ్గానే ఉన్నాయి.

ఇప్పుడు బీపీ మాత్రల షీట్లు తిప్పి చూడండి. రెండు షీట్లలోనూ పదిహేనేసి మాత్రలున్నాయి. ఒకదాని మీద ఎంఆర్‌పీ 224, రెండోదాని మీద 210. బ్యాచ్ నంబర్లు కూడా వేరు. బిల్లులో మాత్రం ఒకే బ్యాచ్ నంబరు పడింది, రెండు షీట్లకూ 224 చొప్పున లెక్కగట్టారు. ఒకే మందును రెండు బ్యాచ్‌ల నుంచి ఇచ్చినప్పుడు బిల్లులో రెండు వరుసలు రావాలి. ఒకే వరుస ఉంటే, ఎక్కువ ధర ఉన్న బ్యాచ్ రెండింటికీ వర్తించిందేమో చూసుకోవాలి.

మరి ఒకే కంపెనీ, ఒకే మందు, రెండు ధరలు ఎందుకు? ఒక కారణం 2025 సెప్టెంబర్ 22. అంతవరకు 12 శాతం జీఎస్టీ ఉన్న మందులపై ఆ రోజు నుంచి పన్ను 5 శాతానికి తగ్గింది. 224లో 200 అసలు ధర, 24 పన్ను. అదే 200 మీద 5 శాతం వేస్తే 210. అప్పటికే బజారులోకి వచ్చిన సరుకును వెనక్కి రప్పించి కొత్త ధర అతికించడం తప్పనిసరి కాదని జాతీయ ఔషధ ధరల సంస్థ, అంటే ఎన్‌పీపీఏ, కంపెనీలకు వెసులుబాటు ఇచ్చింది. కానీ కొత్త ధరల జాబితాను షాపులకు పంపి, కొనేవాడికి తగ్గిన ధరకే మందు అందేలా చూడాలన్న షరతు పెట్టింది. మందులకు రెండు మూడేళ్ల గడువు మామూలు కాబట్టి, పాత ధర అచ్చయిన షీట్లు ఆ తేదీ దాటాక కూడా చాలాకాలం షాపుల్లో కనిపించవచ్చు.

అసలు తెలుసుకోవాల్సింది ఇదే. షీటు మీద 224 అని ఉన్నంత మాత్రాన 224 తీసుకునే హక్కు రాదు. 2013 నాటి ఔషధ ధరల నియంత్రణ ఉత్తర్వు ప్రకారం, షీటు మీది ధర, అమలులో ఉన్న ధరల జాబితాలోని ధర, ఈ రెండింటిలో ఏది తక్కువైతే అంతకు మించి అమ్మకూడదు. అంటే పాత షీటుకైనా 210 రూపాయలే. రెండు షీట్లకు 420. ఆ జాబితాను అడిగితే షాపువాళ్లు చూపించాలి. చేతిలో జాబితా లేకపోయినా ఒక తేలిక లెక్క ఉంది. 12 నుంచి 5 శాతానికి తగ్గిన మందైతే, పాత ధరను పదహారుతో భాగించి ఆ భాగం తీసేయండి. 224లో పదహారో వంతు 14, తీసేస్తే 210. ముందే 5 శాతంలో ఉన్న మందులకు, పన్నే పూర్తిగా ఎత్తేసిన కొన్ని ప్రాణరక్షక మందులకు ఈ లెక్క పనికిరాదు.

ఇక్కడే డిస్కౌంట్ మన కళ్లు కప్పుతుంది. 224 మీద ఆరు శాతం తగ్గించారనుకోండి, 210.56 అవుతుంది. న్యాయంగా రావాల్సిన ధర కంటే అది ఇంకా ఎక్కువే. మనకు హక్కుగా దక్కాల్సిన పన్ను తగ్గింపే డిస్కౌంట్ పేరుతో వచ్చిందన్నమాట. శాతం అడిగే ముందు, ఏ ధర మీద శాతం అని అడగాలి.

రెండో వరుసకు వద్దాం. గ్యాస్ మాత్రలు విడిగా 6. ఆ షీటులో 15 మాత్రలు, ఎంఆర్‌పీ 157.50. ఒక్కో మాత్ర 10.50, ఆరింటికి 63. బిల్లులో 94.50 ఎలా వచ్చింది? షాపు కంప్యూటర్‌లో ఆ మందుకు షీటుకు 10 మాత్రలని నమోదై ఉంది. 157.50ను పదితో భాగిస్తే 15.75, ఆరింటికి 94.50. ఒకే మందు పది మాత్రల షీటులోనూ పదిహేను మాత్రల షీటులోనూ వస్తుంటే ఇలా జరుగుతుంది. పూర్తి షీటు కొన్నవాళ్లకు ఈ తప్పు తగలదు, మాత్రలు కత్తిరించి కొన్నవాళ్లకే తగులుతుంది. విడి మాత్రల ధర షీటు ధరలో వాటి వంతుకు మించకూడదన్నది ఆ ఉత్తర్వులో ఉన్న నియమమే. అయితే కత్తిరించి ఇచ్చేటప్పుడు ధర, బ్యాచ్ అచ్చయిన కొస తరచూ షాపులోనే ఉండిపోతుంది. కత్తెర వేయకముందే షీటు చూపించమని అడిగి, ఎన్ని మాత్రలున్నాయో, ధరెంతో చూసుకోవడం మేలు. పదీ ఇరవై రూపాయల మందు కొనేవాళ్లు మొహమాటపడి అడగరు. రోజుకూలీ మీద బతికేవాళ్లే ఎక్కువగా విడి మాత్రలు కొంటారు, వాళ్ల బిల్లులోనే ఈ తప్పు పడటం నాకు బాధ కలిగించే విషయం.

సవరించి లెక్క చూద్దాం. 420, 63, 105 కలిపితే 588. పది శాతం పోగా 529.20. కట్టాల్సింది 529, కట్టమన్నది 583. డిస్కౌంట్ 64.75 అని సంతోషించాం గానీ అందులో 53.55 పై వరుసల్లోనే వెనక్కి పోయింది.

ఇక పన్ను. ఎంఆర్‌పీలో పన్ను కలిసే ఉంటుంది. బిల్లు అడుగున సీజీఎస్టీ, ఎస్‌జీఎస్టీ అని కనిపించేవి ఆ ధర లోపల ఉన్న పన్నును విడదీసి చూపే అంకెలు మాత్రమే, పైన కలపాల్సినవి కావు. 5 శాతం మందులకైతే డిస్కౌంట్ పోగా మిగిలినదాన్ని 21తో భాగించండి. 529.20ను 21తో భాగిస్తే 25.20. అందులో సగం సీజీఎస్టీ, సగం ఎస్‌జీఎస్టీ, చెరి 12.60. మిగిలిన 504 అసలు విలువ. 504, 25.20 కలిపితే మళ్లీ 529.20 రావాలి. అలాకాకుండా 529.20 మీద ఇంకో 5 శాతం వేసి 555.66 చేశారంటే పన్ను రెండుసార్లు పడినట్టే. బిల్లులో మందులు కాని వస్తువులు కలిస్తే వాటి పన్ను రేటు వేరుగా ఉండవచ్చు, అప్పుడు ఈ 21 లెక్కను 5 శాతం ఉన్న వరుసలకు మాత్రమే విడిగా చేయాలి. కాంపొజిషన్ పథకంలో ఉన్న చిన్న షాపు బిల్లులో పన్ను విడిగా చూపించరు, చూపించి వసూలు చేయకూడదు కూడా.

తేడా కనబడితే షాపులో ఉండగానే షీట్లు పక్కన పెట్టి ఆ వరుస మార్చమని అడగండి. బ్యాచ్ సరిచేసి కొత్త బిల్లు తీసుకోండి. మిగిలిన షీటు తర్వాత వాపసు ఇవ్వాల్సి వస్తే బిల్లులోని బ్యాచ్, షీటు మీది బ్యాచ్ ఒకటి కాకపోతే షాపువాళ్లు తీసుకోకపోవచ్చు. మార్చడానికి ఒప్పుకోకపోతే బిల్లు, షీటు రెండూ కనిపించేలా ఫొటో తీసుకుని ఎన్‌పీపీఏ ఉచిత నంబరు 1800 111 255కు గానీ, జాతీయ వినియోగదారుల సహాయ నంబరు 1915కు గానీ ఫోన్ చేయవచ్చు.