సోమవారం ఎక్కడ పెట్టాలి?

ఇంగ్లిష్ వార్తను తెలుగు చేసేటప్పుడు క్రియను చివరికి జరిపితే పని అయిపోయిందనుకుంటాం. అసలు చిక్కు మిగతా మాటలతోనే.

ఇంగ్లిష్ వాక్యం ఈ వరుసలో ఉందనుకోండి: పోలీసులు, అరెస్టు చేశారు, ఒక వ్యక్తిని, ఎవరైతే దొంగిలించాడో, బైకును, ఆస్పత్రి నుంచి, సోమవారం. తెలుగులో 'ఎవరైతే' మాయమై, వెనకున్న ముక్కంతా వ్యక్తికి ముందుకొస్తుంది: 'ఆస్పత్రి నుంచి బైకు దొంగిలించిన వ్యక్తిని పోలీసులు అరెస్టు చేశారు.'

మరి సోమవారం? ఇంగ్లిష్‌లో అది చివర వేలాడుతూ దొంగతనానికీ చెల్లుతుంది, అరెస్టుకీ చెల్లుతుంది. తెలుగులో ఆ వెసులుబాటు తక్కువ. వాక్యం మొదట్లో పెడితే దొంగతనం సోమవారం జరిగినట్టు ధ్వనిస్తుంది. 'పోలీసులు సోమవారం అరెస్టు చేశారు' అంటే తేదీ అరెస్టుది. ఏది నిజమో తేలాలంటే కింది పేరాలు చదవాల్సిందే. చదవకుండా రాసేవాళ్లూ ఉన్నారు, అది వేరే కథ.

ఆ వ్యక్తి ఊరు, వయసు, పాత కేసులు కూడా అదే వాక్యంలో ఉంటే? అన్నీ 'వ్యక్తిని'కి ముందు పేరిస్తే, ఎవరి సంగతో తెలిసేసరికి పాఠకుడికి మొదలు గుర్తుండదు. అప్పుడు వాక్యాన్ని విరిచేయాలి: 'ఆస్పత్రి దగ్గర బైకు పోయింది. దొంగను పోలీసులు సోమవారం పట్టుకున్నారు. అతనిపై ఇంతకుముందే రెండు కేసులున్నాయి.'