కోపం ఎవరి మీదో తెలియాలి

బయటి రాష్ట్రం నుంచి కొత్తగా వచ్చిన ఐఏఎస్ అధికారికి తెలుగు మాట్లాడటం వచ్చేసరికే కొన్నాళ్లు పడుతుంది, సంపాదకీయం చదివి అర్థం చేసుకోవడం ఇంకా తర్వాతి మాట. ఢిల్లీలో కూర్చున్న శాఖ కార్యదర్శికి ఆ అవసరమే రాదు. అయినా తమ శాఖ గురించి తెలుగు పత్రిక ఏమందో పొద్దున్నే వాళ్లకు తెలియాలి. అందుకే ఎనిమిది, తొమ్మిది వందల మాటల సంపాదకీయాన్ని 120 మాటల ఇంగ్లిష్ బ్రీఫ్‌గా కుదించే పని ఒకటి ఏర్పడింది.

ఇది కొత్త పనేమీ కాదు. మద్రాసు ప్రెసిడెన్సీ రోజుల్లోనే సర్కారు అనువాదకులు దేశభాషా పత్రికలు చదివి, వాటి సారాన్ని ఇంగ్లిష్‌లో రాసి పైవాళ్లకు రహస్య నివేదికలుగా పంపేవారు. కృష్ణాపత్రిక, ఆంధ్రపత్రిక రాతలు అలా దొరల బల్లల మీదికి చేరాయి. ఆ సారం స్వరం మీద ఎంత ఆధారపడి ఉండేదో తెలియాలంటే 1908 చాలు. బెజవాడ ‘స్వరాజ్య’ పత్రికలో తిరునెల్వేలి కాల్పుల మీద వచ్చిన వ్యాసం తెల్ల పాలనను క్రూరమైన పులితో పోల్చింది. సంపాదకుడు గాడిచర్ల హరిసర్వోత్తమరావు మీద రాజద్రోహం కేసు పెట్టి జైలుకు పంపారు. ‘కాల్పులను పత్రిక ఖండించింది’ అని మాత్రమే రాసే సంక్షిప్తకారుడికి ఆ కేసు ఎందుకు వచ్చిందో ఎప్పటికీ అర్థం కాదు.

ఇప్పటి పని ఎలా సాగుతుందో ఒక ఉదాహరణతో చూద్దాం. ఏ పత్రికదీ కాదు, ఇక్కడి కోసం కల్పించుకున్న సంపాదకీయం. శీర్షిక ‘తడిసిన ధాన్యం, ఆరని కన్నీరు’. మొదటి రెండు పేరాలూ వాన. కల్లాల్లో నీళ్లు, చాలని టార్పాలిన్లు, మొలకెత్తిన గింజలు. మూడో పేరాలో తడిసిన ధాన్యాన్ని కూడా కొంటామన్న మంత్రి ప్రకటన, వెంటనే ‘ఎంత పెద్ద మనసు!’ అన్న చురక. నాలుగో పేరా మిల్లు గేటు దగ్గరికి వెళుతుంది. నిబంధన ప్రకారం తేమ 17 శాతం వరకు ఉండొచ్చు. కొనుగోలు కేంద్రంలో ఆ లెక్క చూసి, తూకం వేసి, రసీదు ఇచ్చిన తర్వాత కూడా మిల్లులో మళ్లీ కొర్రీలు పెడుతున్నారు. బస్తాకు నాలుగైదు కిలోలు తరుగు తీస్తున్నారని రైతులు వాపోతున్నారు. ఐదో పేరాలో ‘నిరుటి కంటే ఈసారి డబ్బు త్వరగా జమవుతున్న మాట నిజమే. కానీ...’ అని మొదలవుతుంది. చివరి పేరా ‘ఇప్పటికైనా పాలకులు కళ్లు తెరవాలి’ అని ఎత్తుకుని, కేంద్రం రసీదులోని బరువే చివరిదని ఉత్తర్వు ఇవ్వాలని అడుగుతుంది.

తొందరలో ఉన్నవాడు దీన్ని పైనుంచి కిందికి కుదించుకుంటూ వస్తాడు. అకాల వర్షాల వల్ల రైతులు నష్టపోతున్నారని పత్రిక ఆందోళన వ్యక్తం చేసిందనీ, ప్రభుత్వం ఆదుకోవాలని కోరిందనీ రాసేస్తాడు. అందులో అబద్ధం లేదు, కానీ సంపాదకీయం కూడా లేదు. ఆ పత్రిక కోపం వాన మీద కాదు. తూకం మీద ఆఖరి మాట ఎవరిదన్నదే దాని వాదన. రెండు పేరాలు ఆక్రమించినంత మాత్రాన వాన ముఖ్యమైపోదు. అది పాఠకుణ్ని కల్లం దాకా తీసుకువెళ్లే దారి మాత్రమే.

మన సంపాదకీయాల్లో అసలు మాట చాలాసార్లు చివరే ఉంటుంది. అందుకని చెయ్యి తిరిగిన వాళ్లు ఒకసారి మొత్తం చదివాక చివరి పేరా దగ్గరికి తిరిగి వెళతారు. అక్కడ అడిగినదేమిటో పట్టుకుని, దానికి కారణాలు ఎక్కడున్నాయో వెనక్కి వెతుక్కుంటారు. మన ఉదాహరణలో ఉత్తర్వు కావాలన్న కోరికకు ఆధారం నాలుగో పేరా. కాబట్టి బ్రీఫ్ మొదటి వాక్యం అక్కడి నుంచే పుట్టాలి: కొనుగోలు కేంద్రం తూకాన్ని మిల్లర్లు తిరగదోడుతున్నారని, ప్రభుత్వం చూసీ చూడనట్టు ఊరుకుంటోందని పత్రిక వాదిస్తోంది. వానకు ఆ వాక్యంలోనే ‘కోతల వేళ కురిసిన వానల తర్వాత’ అన్న ముక్క చాలు.

ఎక్కువమంది తప్పటడుగు వేసేది మూడో పేరాలో. ‘ఎంత పెద్ద మనసు!’ను ఉన్నదున్నట్టు ఇంగ్లిష్‌లో పెడితే ఢిల్లీ పాఠకుడు దాన్ని మెచ్చుకోలు అనుకోవచ్చు. వదిలేస్తే మంత్రి ప్రకటన ఒక్కటే మిగిలి, ప్రభుత్వం స్పందించిందన్న అర్థం వస్తుంది. ఇలాంటి చోట వెటకారాన్ని మాటల్లో తేవడం మానేసి క్రియలోకి ఎక్కించాలి. పత్రిక ఆ ప్రకటనను ఎద్దేవా చేసిందని సూటిగా చెప్పడమే మేలు. వాదించింది, హెచ్చరించింది, ఎద్దేవా చేసింది, నిలదీసింది, విన్నవించింది: ఈ క్రియలకు సరితూగే ఇంగ్లిష్ క్రియలు చేతిలో ఉంటే స్వరం సగం దక్కినట్టే. అన్నిటికీ ‘సేస్’ వాడేవాడి బ్రీఫులో పత్రికలన్నీ ఒకే గొంతుతో మాట్లాడతాయి. ‘ఇది దోపిడీ కాదా?’ లాంటి ప్రశ్నలు కూడా అంతే. ప్రశ్నగా ఉంచితే పత్రికకు అనుమానం ఉందనిపిస్తుంది. అది దోపిడీ అని పత్రిక అంటోందని రాయాలి.

ఐదో పేరాను చాలామంది చోటు చాలక కొట్టేస్తారు. నా మటుకు నేను ఏది తీసేసినా దాన్ని తీయను. ‘మాట నిజమే, కానీ’ అన్న చోట పత్రిక తన నిజాయితీ చూపుకుంటుంది. అది పోతే అధికారి ముందు మిగిలేది ఆగ్రహం ఒక్కటే. ప్రతిపక్షం చేసే ప్రకటనకూ దీనికీ తేడా కనిపించక, ఆయన కాగితం పక్కన పెట్టేస్తాడు. ఏడెనిమిది మాటల ఆ ఒప్పుకోలు మిగతా విమర్శకు బరువిస్తుంది.

తరుగు లెక్క దగ్గర ఇంకో జాగ్రత్త కావాలి. నాలుగైదు కిలోలన్నది పత్రిక తేల్చిన విషయం కాదు, రైతులు అంటున్న మాట. తెలుగులో ‘వాపోతున్నారు’, ‘వినవస్తోంది’, ‘తీస్తున్నారట’ అన్నవి వాక్యం చివర చిన్నగా కూర్చుంటాయి. కుదింపులో ముందు రాలిపోయేవీ అవే. అవి రాలితే ఆరోపణ కాస్తా నిజమైపోతుంది. ఆ అంకె చూసి ఎవరో మిల్లు మీదికి తనిఖీకి బయల్దేరతారు. ‘కేంద్రం’తోనూ ఇలాంటి చిక్కే. ఒక పేరాలో అది ఊళ్లోని కొనుగోలు కేంద్రం, ఇంకో పేరాలో ఢిల్లీ ప్రభుత్వం. ‘పాలకులు’ అంటే ఎవరో కూడా సందర్భం నుంచి తేల్చుకోవాలి. ఇక్కడ నింద రాష్ట్ర ప్రభుత్వానిది. ఇంగ్లిష్‌లో ఉత్త ‘గవర్నమెంట్’ అని రాస్తే, చదివే కేంద్ర అధికారి అది తన మీదికే అనుకోవచ్చు.

పూర్తయ్యాక బ్రీఫ్ ఐదు వాక్యాలకు మించదు. పైన పత్రిక పేరు, ఎడిషన్, తేదీ, శీర్షిక. తర్వాత వాదన, తూకం జరుగుతున్న తీరు, ఎవరి మాటో చెప్పి తరుగు లెక్క, మంత్రి మీది చురకతో పాటు జమ విషయంలో ఒప్పుకోలు, చివరికి కోరిన ఉత్తర్వు. సరిచూసుకోవడానికి ఒక్కో ఇంగ్లిష్ వాక్యం మీద వేలు పెట్టి, తెలుగులో దానికి ఆధారం ఏ వాక్యమో వెతకాలి. దొరకనిది రాసినవాడి సొంత అభిప్రాయమే. ఆ తర్వాత తెలుగు మూలం చూడని వాళ్లెవరికైనా ఇచ్చి, పత్రికకు ఎవరి మీద కోపం, ఎంత కోపం, ఏం కావాలంటోంది అని అడగాలి. ‘రైతులకు సాయం కావాలంటోంది’ అన్నారంటే మొదటి వాక్యం మళ్లీ రాయాల్సిందే.

అన్ని సంపాదకీయాలూ ఇలా లొంగవు. ఉగాది నాడు రాసేవి, పెద్ద రచయిత పోయినప్పుడు రాసే నివాళులు ఏదీ కోరవు. వాటిలో వాదన వెతికి, లేని డిమాండును పుట్టించిన బ్రీఫులు నేను చూశాను. అలాంటి వాటికి రెండు వాక్యాలు సరిపోతాయి: పత్రిక ఎవరిని తలుచుకుంది, ఏ మాట మీద ఎక్కువసేపు నిలిచింది.