వేళ్ల సందుల్లో వానాకాలం

వానలో తిరిగొచ్చిన కుక్కకు చాలామంది వీపు తుడిచి వదిలేస్తారు. వీపు ఎలాగూ ఆరుతుంది. ఆరనివి కాలివేళ్ల సందులు. అక్కడ తడి నిలిస్తే, చర్మం మీద మామూలుగానే కాస్తో కూస్తో ఉండే మలసీజియా అనే ఈస్టు ఒక్కసారిగా పెరుగుతుంది. దురద పుడుతుంది, కుక్క నాకుతుంది, నాకినకొద్దీ మళ్లీ తడే. తెల్ల కుక్కయితే వేళ్ల మధ్య వెంట్రుకలు తుప్పు రంగుకు తిరుగుతాయి. నల్లదయితే వాసన చూడాల్సిందే, పులిసిన కంపు కొడుతుంది.

లాబ్రడార్, గోల్డెన్ రిట్రీవర్లకు బొచ్చు రెండు పొరలు. పైన ఆరినట్టే ఉంటుంది, వేళ్లు లోపలికి పోనిస్తే చెమ్మ తగులుతుంది. పొద్దున చెవి కింద గోక్కున్న చోట సాయంత్రానికి అరచేయంత ఎర్రటి, జిగట పుండు లేస్తుంది. దీన్నే హాట్ స్పాట్ అంటారు. మనవాళ్లు వెంటనే పసుపు, కొబ్బరినూనె అందుకుంటారు. వద్దు, ఆ పూత కింద తడి అలాగే ఉండిపోతుంది. చుట్టూ వెంట్రుకలు కత్తిరించి, గాలి తగలనిచ్చి, డాక్టరు చెప్పిన పలచని క్లోర్‌హెక్సిడిన్‌తో తుడవాలి. నాకకుండా మెడకు కోన్ కట్టాలి.

నాకి నాకి ఒరిసిన చర్మంతో అసలు చిక్కు వేరే ఉంది. ఎలుకల మూత్రంలో ఉండే లెప్టోస్పైరా బ్యాక్టీరియా నిలవ నీటిలో, తడి మట్టిలో వారాల తరబడి బతుకుతుంది. చిన్న గీరుడు చాలు, లోపలికి పోతుంది. సెల్లారులోకి నీళ్లొచ్చిన రోజు అందులో తిరిగిన కుక్కనే తీసుకోండి. వారం గడిచాక మందకొడిగా పడుకుంటుంది, తిండి ముట్టదు, కక్కుతుంది, నీళ్లు మాత్రం తెగ తాగుతుంది. అజీర్తి అనుకుని పెరుగన్నం పెడుతూ రెండు రోజులు చూస్తారు. కళ్లు, చిగుళ్లు పచ్చబడే సరికి కాలేయం, కిడ్నీలు దెబ్బతిని ఉంటాయి. అందుకే డాక్టరుకు మొదట చెప్పాల్సింది, అది ఏ నీళ్లలో తిరిగిందన్నది. తొందరగా పట్టుకుంటే డాక్సీసైక్లిన్‌కు లొంగుతుంది, సాధారణంగా రెండు వారాల కోర్సు.

టీకా ఉంది. మొదట 2 నుంచి 4 వారాల తేడాతో రెండు డోసులు, తర్వాత ఏటా ఒకటి. అయితే లెప్టోలో రకాలు చాలా, టీకా ఆపేది కొన్నిటినే. టీకా వేయించాం కదా అని మురుగులోకి వదలడానికి లేదు.

ఇంటికి రాగానే మామూలు నీళ్లతో పాదాలు కడిగి, ప్రతి వేలి సందునూ పొడి గుడ్డతో అద్దాలి, రుద్దకూడదు. డెట్టాల్ వాడొద్దు, అదంతా నాలుకకే చేరుతుంది. వెంట్రుకలు మెత్తల మీదికి దిగకుండా కత్తిరిస్తే పని సగం తగ్గుతుంది.

కుక్కకు లెప్టో అని తేలితే దాని మూత్రం గ్లవ్స్ లేకుండా తుడవకండి, ఆ చోటు బ్లీచింగ్ నీళ్లతో కడగండి. ఆ రోజుల్లో ఇంట్లో ఎవరికైనా జ్వరం, పిక్కల నొప్పులు వస్తే, కుక్క సంగతి కూడా డాక్టరుకు చెప్పండి.