ఘోరంగా ఉంది, ఇంకో పావుగంట చూద్దాం

శనివారం రాత్రి నలుగురైదుగురు స్నేహితులు కూడి సరదాగా ఓ చెత్త సినిమా చూద్దామనుకుంటే, చాలామంది రేటింగ్ మరీ తక్కువగా ఉన్నదాన్ని వెతికి పెడతారు. అరగంట గడిచేసరికి ఒకరు ఫోన్ తీస్తారు, ఇంకొకరు బిర్యానీ ఎక్కడిదాకా వచ్చిందో చూస్తుంటారు. రేటింగ్ తక్కువున్న సినిమాల్లో ఎక్కువ భాగం ఉత్త విసుగు సినిమాలే. మనక్కావాల్సింది వేరే రకం. తీసినవాడు ప్రాణం పెట్టి తీసి, ప్రతి సీనులోనూ బోల్తా పడి ఉండాలి.

దీనికి నేను మొదట చెప్పే పేరు 'ట్రోల్ 2'. 1990 నాటిది. పేరులో ట్రోల్ ఉన్నా సినిమాలో ఒక్క ట్రోల్ కూడా కనబడదు. ఉన్నవన్నీ గాబ్లిన్లు, అంటే మరుగుజ్జు పిశాచాలు. వేరే పేరుతో తీసిన సినిమాని అమ్ముకోవడం కోసం, సంబంధం లేని పాత సినిమాకి రెండో భాగం అన్నారు. తీసింది క్లాడియో ఫ్రగాస్సో అనే ఇటలీ దర్శకుడు, అమెరికాలోని యూటాలో. ఆయనకీ, ఆయన బృందానికీ ఇంగ్లీషు అంతంతమాత్రం. నటుల్లో చాలామంది కొత్తవాళ్ళు. తండ్రి వేషం వేసిన జార్జ్ హార్డీ పళ్ళ డాక్టరు. స్క్రిప్టులో ఉన్న వింత ఇంగ్లీషుని ఉన్నదున్నట్టే పలకమన్నారు కాబట్టి, ఒక్క డైలాగూ మనుషులు మాట్లాడినట్టు ఉండదు.

కథకొస్తే, ఈ పిశాచాలు శాకాహారులు. మనుషుల్ని మొక్కలుగా మార్చి తింటాయి. సెలవులకని ఆ ఊరొచ్చిన కుటుంబం ముందు పచ్చరంగు పూసిన విందు భోజనం సిద్ధంగా ఉంటుంది. తింటే పచ్చటి ముద్దైపోతారని చచ్చిపోయిన తాతగారి ఆత్మ మనవడితో చెబుతుంది. పిల్లాడు బాగా ఆలోచించి, ఆ భోజనాల బల్ల మీద ఉచ్చ పోసేస్తాడు. తండ్రి కోపంతో ఊగిపోతూ వాణ్ణి పై గదికి ఈడ్చుకెళ్ళి బెల్టు మీద చెయ్యి వేస్తాడు. దెబ్బలు పడతాయని మనం అనుకుంటాం. ఆయన మాత్రం ఆకలి తెలియకుండా ఉండటానికి బెల్టు ఇంకో చిల్లు బిగిస్తాడు. హార్డీ ముఖంలో వెటకారమనేది మచ్చుకైనా లేదు. గొప్ప నాటకంలో ఉన్నానన్నంత నమ్మకంగా చేశాడు, మన నవ్వంతా అక్కడే ఉంది. మనవాళ్ళలో ఎవరైనా శాకాహారి ఉంటే ఆ పూట వాళ్ళ పని అయిపోయినట్టే.

కావాలని చెత్తగా తీసినవి వేరు. 2014లో వచ్చిన 'హృదయ కాలేయం' సంపూర్ణేష్ బాబుతో తెలిసి ఆడించిన ఆట. అక్కడ జోకు వేసేది సినిమా, నవ్వేది మనం. ట్రోల్ 2లో జోకు వేయాల్సింది మనమే, అందుకే గది సందడిగా ఉంటుంది.

2003 నాటి 'ది రూమ్' ఈ జాతిలో అన్నిటికన్నా పేరున్నది. రాసి, తీసి, నిర్మించి, హీరోగా చేసిన టామీ విసో దానికి సుమారు 60 లక్షల డాలర్లు ఖర్చుపెట్టారు. హీరోయిన్ తల్లి తనకి క్యాన్సరని ఒక సీనులో యథాలాపంగా చెబుతుంది, మళ్ళీ ఆ ఊసే రాదు. కానీ మొదటి అరగంటలోనే సాగదీసిన పడకగది సీన్లు ఉన్నాయి. హాల్లో పెద్దవాళ్ళు తిరిగే ఇంట్లో ఇది పెట్టడం ప్రమాదం. థియేటర్‌లో జనం తెర మీదకి ప్లాస్టిక్ చెంచాలు విసురుతూ చూసే సినిమా ఇది, నలుగురితో అంత ఊపు రాదు.

ఒకటి మాత్రం గుర్తుంచుకోండి. హిందీ డబ్బింగ్‌లో దొరికింది కదా అని పెట్టొద్దు. డబ్బింగ్ కళాకారులు బాగానే పలుకుతారు, దాంతో అసలు నటుల తడబాటు మాయమైపోతుంది. ఇంగ్లీషు సబ్‌టైటిల్స్ పెట్టుకుంటే, అందరూ నవ్వుతున్నప్పుడు కూడా తర్వాతి డైలాగు జారిపోదు. ముందే చూసినవాళ్ళని వెనక కూర్చోబెట్టాలి. 'ఇప్పుడు చూడు, ఇప్పుడు చూడు' అన్నారో, సీను చచ్చిందన్నమాటే.

మన సినిమాలు పెట్టాలంటే నిడివితో చిక్కు. ట్రోల్ 2 గంటన్నర పైన కాస్తే, మనవి రెండున్నర గంటలు. వాటిని సీన్లుగా చూడటమే మేలు. తొడ కొడితే రైలు వెనక్కి పోయే 'పలనాటి బ్రహ్మనాయుడు' సీను అలాంటిదే, కాకపోతే గదిలో బాలయ్య అభిమాని ఉన్నాడేమో చూసుకుని పెట్టండి.

చెత్త సినిమా ముందు పెట్టాలి, అందరూ హుషారుగా ఉన్నప్పుడు. భోజనాలయ్యాక 'ఖలేజా'. 2010లో థియేటర్లలో అంతగా ఆడకపోయినా టీవీల్లో జనానికి కంఠతా వచ్చేసిన సినిమా. సగంలో నిద్రపోయినవాడు కూడా లేచి తర్వాతి డైలాగు అందుకుంటాడు.