బట్టల్లోని నీళ్లు ఎటు పోతాయి?

పొడిగా ఉన్నప్పుడు 5 కిలోలుండే నూలు బట్టలు నిమిషానికి 1000 చుట్లు తిరిగే స్పిన్‌లో పిండాక కూడా ఇంచుమించు 8 కిలోలు తూగుతాయి. అంటే ఇంకా 3 లీటర్ల నీళ్లు వాటిలోనే ఉన్నాయన్నమాట. ఆ నీళ్లను ఎటు పంపుతుందన్న దాన్నిబట్టే డ్రయ్యర్లు మూడు రకాలు.

వెంటెడ్ డ్రయ్యర్‌ది సూటి పద్ధతి. గది గాలిని లాక్కుని, హీటర్‌తో వేడిచేసి, డ్రమ్ములో దొర్లే బట్టల మీదుగా పోనిచ్చి, ఆ తడిగాలిని నాలుగంగుళాల గొట్టం గుండా ఇంటి బయటికి వదిలేస్తుంది. ధర తక్కువ, చెడిపోయే భాగాలూ తక్కువే. కాకపోతే గోడకో కిటికీకో కన్నం ఉండాలి. అద్దె ఫ్లాట్‌లో ఓనర్ ఒప్పుకోలేదని గొట్టాన్ని గదిలోనే వదిలేస్తే ఆ 3 లీటర్లూ గోడలకు చెమ్మగా పడతాయి.

కండెన్సర్ డ్రయ్యర్‌కు గొట్టం అక్కర్లేదు. బట్టల నుంచి వచ్చిన తడిగాలి హీట్ ఎక్స్ఛేంజర్ అనే పల్చటి అల్యూమినియం రేకుల పెట్టెలోంచి వెళ్తుంది. రేకులకు అవతలి వైపు గది గాలి వీస్తుంటుంది. ఆ చల్లదనానికి ఆవిరి నీరై కిందికి జారుతుంది, చిన్న పంపు దాన్ని పైనున్న ట్యాంకులోకి ఎక్కిస్తుంది. అయితే వేడి మాత్రం గదిలోకే వస్తుంది. తలుపులు మూసిన యుటిలిటీలో పెడితే గది వేడెక్కి, చల్లబరిచే గాలే లేక, యంత్రం గంటల కొద్దీ తిరుగుతూనే ఉంటుంది.

హీట్ పంప్ రకం ఆ వేడిని పోనివ్వదు. లోపల ఫ్రిజ్‌లో ఉన్నట్టే కంప్రెసర్, గ్యాసు ఉంటాయి. చల్లటి కాయిల్ దగ్గర ఆవిరి నీరవుతుంది, అక్కడ లాగిన వేడే రెండో కాయిల్ ద్వారా మళ్లీ గాలికి చేరుతుంది. లీటరు నీటిని ఆవిరి చేయడానికి సుమారు 0.65 యూనిట్ల కరెంటు కావాలి. మన 3 లీటర్లకు దాదాపు 2 యూనిట్లు. హీటర్ మీద నడిచే మొదటి రెండు రకాలూ అంతకంటే తక్కువలో పని ముగించలేవు, నష్టాలతో కలిపి 3 దాకా పోతుంది. హీట్ పంప్‌కు అందులో సగం చాలు. ధర ఎక్కువ, ఆరడానికి పట్టే సమయమూ ఎక్కువే. వారానికి ఒక్కసారి వాడేవాళ్లకు ఆ అదనపు ధర కరెంటు బిల్లులో తిరిగి రావడం కష్టం. రోజూ వాడే ఇంటికి మాత్రం నేను దీన్నే కొనమంటాను.

ఇక చాకిరీ సంగతి. ట్యాంకును ప్రతి వాయి తర్వాతా పారబోయాలి. నిండితే యంత్రం మధ్యలో ఆగి దీపం వెలిగిస్తుంది. ట్యాంకు ఖాళీగా ఉన్నా దీపం ఆరకపోతే ముందు దాన్ని చివరిదాకా నెట్టారో లేదో చూడండి. అయినా ఆరకపోతే అడుగున పంపు దగ్గరో ఫ్లోట్ దగ్గరో నూగు ఇరుక్కుని ఉంటుంది. ఆ నీళ్లు తాగడానికి పనికిరావు, ఇల్లు తుడుచుకోవచ్చు.

తలుపు దగ్గరి నూగు జల్లెడను ప్రతిసారీ దులిపినా, సన్నటి నూగు దాన్ని దాటి రేకుల మధ్య పేరుకుంటుంది. కండెన్సర్ రకంలో, తరచుగా వాడితే నెలకోసారి, ప్లగ్ తీసి, యంత్రం చల్లారాక, కింద పాత తువ్వాలు పరిచి అడుగు మూత తెరవండి. లాక్ పిడులు తిప్పి పెట్టెను మెల్లగా బయటికి లాగండి. కుళాయి కింద పొడుగునా ఒకసారి, అడ్డంగా ఒకసారి నీళ్లు పోనివ్వండి. బూడిద రంగు ముద్దలు రావడం ఆగేదాకా కడగాలి. పిన్నీసు, కత్తి లాంటివి రేకుల్లో పెట్టకండి. నీళ్లు ఓడిపోయాక రబ్బరు అంచులను తుడిచి, పెట్టెను సరిగ్గా కూర్చోబెట్టి పిడులు బిగించండి.

చాలా హీట్ పంప్ యంత్రాల్లో ఈ భాగం బయటికి రాదు. చేతి తొడుగులు వేసుకుని, మెత్తటి బ్రష్‌తో రేకులు సాగిన దిశలోనే నూగును దువ్వాలి. రేకుల అంచులు చేతిని కోస్తాయి, అడ్డంగా రుద్దితే వంగిపోతాయి. తమంతట తామే కడుక్కునే మోడళ్లలో వీటిని ముట్టుకునే పనే ఉండదు, మాన్యువల్ చూసుకోండి.

అనుమానం వస్తే సూట్‌కేసులు తూచే స్ప్రింగ్ త్రాసుతో తేల్చుకోవచ్చు. బట్టలను వేసేముందు, తీశాక తూచండి. 3 కిలోలు తగ్గితే ట్యాంకులో కనీసం రెండు, రెండున్నర లీటర్లు కనిపించాలి. లీటరున్నరే ఉండి కిటికీ అద్దాలు చెమర్చాయంటే మిగతా ఆవిరి గదిలోకి కారుతున్నట్టే. ముందు రబ్బరు అంచును, పిడులను చూడండి, తర్వాత రేకులను. బట్టలే తడిగా మిగిలి బరువు పెద్దగా తగ్గకపోతే నూగు అడ్డుపడి గాలి ఆడటం లేదు. జల్లెడతో మొదలుపెట్టండి.